పై అంతస్తుకు అందని నీళ్లు: బిల్డరుకు రాసిన ఒక లేఖ, దానికి వచ్చిన జవాబు

మియాపూర్ వైపు ఉన్న ఒక అపార్ట్‌మెంట్ సంఘం 2025 జనవరిలో నన్ను పిలిచింది. స్టిల్ట్ మీద 5 అంతస్తులు, అంతస్తుకు 8 చొప్పున 40 ఫ్లాట్లు ఉన్న భవనం అది. అయిదో అంతస్తులో ప్రెషర్ లేదని, ముఖ్యంగా పడమటి వైపున్న 4 ఫ్లాట్లలో పొద్దున పూట షవర్ తిప్పితే గోడ తడవడమే తప్ప స్నానానికి పనికొచ్చేంత నీరు రాదని కార్యదర్శి గారు చెప్పారు. 507లో ఉండే పెద్దావిడ నాలుగున్నరేళ్లుగా తెల్లవారుజామున నాలుగింటికి లేచి బకెట్లు నింపి పెట్టుకుంటున్నారు. భవనాల్లో నీటి లైన్ల రూపకల్పన, తనిఖీ నా వృత్తి కనుక, నేను వచ్చి లోపం ఎక్కడుందో చూసి చెబితే బిల్డరుకు అదే రాసి పంపుతామన్నది వారి ఆలోచన. చివరికి మేం పంపిన లేఖలో లోపం ఎక్కడుందో ఒక్క మాట కూడా రాయలేదు. అలా ఎందుకు చేశామో, దానివల్ల ఏం జరిగిందో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా అప్పటివరకు నడిచిన వ్యవహారం మొత్తం చూపించమని అడిగాను. ఫ్లాట్లు 2020 ఆగస్టు నుంచి అప్పగించడం మొదలైంది. ఫిర్యాదు కూడా ఆ ఏడాదిలోనే మొదలైంది, కానీ అన్నీ ఫోన్లు, వాట్సాప్ సందేశాలే. రాతపూర్వకంగా వెళ్లింది 2023లో పంపిన ఒకే ఒక్క ఈమెయిల్. అందులో ఉన్నది ఇంతే: పై అంతస్తులో నీళ్లు రావడం లేదు, వెంటనే బాగు చేయించగలరు. దానికి బిల్డరు సంస్థ వాళ్లు ఒక ప్లంబర్‌ను పంపారు. ఆయన మధ్యాహ్నం రెండున్నరకు వచ్చి, నల్లాల మూతుల్లో ఉండే జాలీలు విప్పి కడిగి, నీళ్లు ధారగా పడుతున్నాయని చూపించి, జాబ్ కార్డు మీద ఫ్లాటు యజమాని సంతకం తీసుకుని వెళ్లారు. కార్డు మీద 'సమస్య పరిష్కారమైంది' అని ఉంది. మర్నాడు పొద్దున ఏడింటికి పరిస్థితి యథాప్రకారం. మళ్లీ ఫోన్ చేస్తే, పై అంతస్తులో ఇది సహజమేనని, ఎవరి ఫ్లాటుకు వాళ్లు చిన్న ప్రెషర్ పంపు పెట్టుకోవడం మంచిదని సలహా వచ్చింది.

ఆ ప్లంబర్ అబద్ధం చెప్పలేదు. మధ్యాహ్నం రెండున్నరకు అక్కడ నిజంగానే నీళ్లు బాగా వస్తాయి. ఈ ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఏళ్ల తరబడి తేలకుండా ఉండిపోవడానికి కారణం ఇదేనని నా అనుభవం. నీళ్లు ఎప్పుడు రావో ఆ వేళలో ఎవరూ కొలవరు, కొలిచిన వేళలో లోపం కనిపించదు, కనిపించని లోపాన్ని ఎవరూ కాగితం మీద ఒప్పుకోరు.

పై అంతస్తు లెక్క మిగతా అంతస్తుల లెక్క లాంటిది కాదు. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి కిందికి దిగే నీటికి ప్రెషర్ ఇచ్చేది ఎత్తు ఒక్కటే. పది మీటర్ల ఎత్తుకు సుమారు ఒక బార్ వస్తుంది, అంటే ఒక మీటరుకు అందులో పదో వంతు. ఈ భవనంలో అంతస్తు ఎత్తు 3 మీటర్లు, టెర్రస్ మీద ట్యాంకు అడుగు 1.2 మీటర్ల ఎత్తున ఉంది. అయిదో అంతస్తు స్నానాల గదిలో బకెట్ నల్లా నేల నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తున, షవర్ 2.1 మీటర్ల ఎత్తున ఉన్నాయి. పొద్దున అందరూ వాడుతుండగా ట్యాంకులో నీరు మీటరు లోతుకు దిగిందనుకుంటే, బకెట్ నల్లాకు నీటిమట్టం 4.6 మీటర్ల పైన, షవర్‌కు 3.1 మీటర్ల పైన ఉంటుంది. రెండో అంతస్తు వాళ్లకు ఇంకో 9 మీటర్లు అదనం. కాబట్టి దారిలో ఏ కారణం వల్లనైనా రెండు మూడు మీటర్ల ప్రెషర్ పోతే, రెండో అంతస్తు వాళ్లు గమనించరు కూడా. అయిదో అంతస్తు వాళ్లకు మాత్రం ఏమీ మిగలదు. లోపం అందరి పైపులోనూ ఉన్నా, కనబడేది పైవాళ్ల ఇంట్లోనే.

అందువల్ల ఇక్కడ అడగవలసిన ప్రశ్న ఒకటే. అసలు ఎత్తే చాలడం లేదా, లేక ఉన్న ఎత్తు దారిలో ఖర్చైపోతోందా? ఈ రెంటికీ చికిత్సలు వేరు, బాధ్యత కూడా వేరువేరుగా పడుతుంది. ఎత్తు చాలకపోతే పంపు కావాలి. దారిలో పోతుంటే పైపు, వాల్వు సరిచేయాలి. ఆ పని చేయకుండా పంపు పెడితే లోపం అలాగే ఉండి కరెంటు బిల్లు మాత్రం పెరుగుతుంది. అందులోనూ ఒక ఫ్లాటు వాళ్లు, టెర్రస్ నుంచి కిందికి దిగుతూ అందరికీ ఉమ్మడిగా ఉన్న డౌన్ లైన్ మీద సొంత పంపు బిగిస్తే, అది ఆ లైన్‌లోంచే లాగుతుంది కనుక పక్క ఫ్లాటుకు వచ్చే కాస్త నీరూ పోతుంది, పైపులోకి గాలి కూడా లాగుతుంది. ఎవరి పంపు వాళ్లు పెట్టుకోమన్న సలహాను ఒప్పుకోవద్దని సంఘానికి నేను గట్టిగా చెప్పింది ఇందుకే.

కొలతలకు మేం వాడినవి ఒక పది లీటర్ల బకెట్, ఫోన్‌లో ఉన్న స్టాప్‌వాచ్, మేస్త్రీలు మట్టం చూడటానికి వాడే పారదర్శకమైన లెవెల్ ట్యూబు. ప్రెషర్ గేజి తెద్దామని కోశాధికారి గారు అన్నారు. మామూలుగా దొరికే పది కిలోల గేజిలో నాలుగు మీటర్ల ప్రెషర్‌కు ముల్లు సున్నా దగ్గర నుంచి కాస్త కదిలి ఆగిపోతుంది. మూడు మీటర్లకూ నాలుగు మీటర్లకూ తేడా దాని మీద నమ్మకంగా చదవలేం. లెవెల్ ట్యూబు అలా కాదు. 507 స్నానాల గదిలోని బకెట్ నల్లాకు దాని ఒక కొస బిగించి, వెంటిలేటర్ గుండా, పైపులు దిగే డక్ట్‌లోకి పంపి, రెండో కొసను టెర్రస్ మీదికి లాగి ట్యాంకు పక్కన ఒక కర్రకు కట్టి, నల్లా తెరిచి ఉంచాం. దారిలో ఎక్కడా నీరు కదలకపోతే ట్యూబులో నీరు ట్యాంకులోని మట్టానికే వచ్చి నిలవాలి. దారిలో ఎంత ప్రెషర్ పోతే ట్యూబులో నీరు అంత కిందికి దిగుతుంది. చదువుకోని వారికి కూడా కంటితో కనబడే కొలత ఇది, ఎవరూ కాదనలేరు.

రాత్రి పదకొండున్నరకు ట్యూబులోని నీరు ట్యాంకు మట్టానికి నాలుగు వేళ్ల తేడాలో నిలిచింది. మర్నాడు పొద్దున 7 గంటల 10 నిమిషాలకు టెర్రస్ మీద ట్యూబులో నీరే కనబడలేదు. డక్ట్‌లోకి టార్చి వేసి చూస్తే టెర్రస్ మట్టానికి సుమారు 90 సెంటీమీటర్ల కింద ఉంది. అది సరిగ్గా ఆ గదిలో షవర్ ఉన్న ఎత్తు. ఆ సమయంలో ట్యాంకులో నీరు మీటరు లోతున ఉంది. అంటే బకెట్ నల్లాకు అందవలసిన 4.6 మీటర్లలో ఒకటిన్నర మాత్రమే అందుతోంది, 3.1 మీటర్లు దారిలోనే పోతోంది, షవర్‌కు మిగిలింది సున్నా. అదే వేళకు తూర్పు వైపున్న 503లో చూస్తే పోతున్నది అర మీటరే. బకెట్ లెక్క కూడా దీనికి సరిపోయింది. పొద్దున పది లీటర్లు నిండటానికి 507లో 3 నిమిషాల 5 సెకన్లు, 503లో ఒక నిమిషం, రెండో అంతస్తులోని 207లో 40 సెకన్లు పట్టింది. 507లోనే మధ్యాహ్నం రెండున్నరకు 70 సెకన్లు చాలింది. 2023లో వచ్చిన ప్లంబర్ చూసిన ధార అది.

ఇంతవరకు తేలాక, ట్యాంకు నుంచి డౌన్ లైన్లకు నీరు చేర్చే, టెర్రస్ మీద పడమటి వైపు పోయే హెడర్ లైన్‌ను చూడకుండా ఉండలేకపోయాను. చూడగానే నాకొక అనుమానం కలిగింది. ఆ అనుమానాన్నే లేఖలో రాయాలని కమిటీ సభ్యుల్లో ఇద్దరు పట్టుబట్టారు. నేను వద్దన్నాను. మనం కారణం రాస్తే, బిల్డరు ఆ ఒక్కదాన్ని మార్చి, మీరు చెప్పింది చేశాం కదా అని చేతులు దులుపుకుంటారు. ఆ తర్వాత కూడా నీళ్లు రాకపోతే తప్పు మన నిర్ధారణది అవుతుంది. పైగా ఒకే చోట రెండు కారణాలు కలిసి ఉండటం ఈ పనిలో చాలా మామూలు. కారణం కనిపెట్టి, తన పేరుతో సంతకం పెట్టి చెప్పవలసింది కట్టినవారు. మనం చెప్పవలసింది కొలిచినది, అడగవలసింది రాతపూర్వకమైన తనిఖీ ఫలితం.

అప్పటికి గడువు కూడా దగ్గర పడింది. స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం, 2016, అంటే మనం రెరా అని పిలిచే చట్టంలోని 14వ సెక్షన్ 3వ ఉపసెక్షన్ ప్రకారం, నిర్మాణ లోపం గానీ, పనితనంలో, నాణ్యతలో, సేవల ఏర్పాటులో మరే లోపం గానీ ఉన్నట్టు ఫ్లాటు అప్పగించిన తేదీ నుంచి 5 ఏళ్లలోపు బిల్డరు దృష్టికి తెస్తే, అదనపు రుసుము లేకుండా 30 రోజుల్లో సరిచేయవలసిన బాధ్యత బిల్డరుదే. చేయకపోతే తగిన పరిహారం పొందే హక్కు కొనుగోలుదారులకు ఉంటుంది. మొదటి ఫ్లాటు అప్పగింత 2020 ఆగస్టులో కాబట్టి, ఆ ఫ్లాటుకు 2025 ఆగస్టుతో గడువు ముగుస్తుంది. ఒక్కో ఫ్లాటుకు అప్పగింత తేదీ వేరు గనుక అన్ని తేదీలూ పట్టిక వేయించాం. దృష్టికి తేవలసింది అలాటీ, అంటే ఫ్లాటు కొన్నవారు అని చట్టంలోని మాట. అందుచేత సంఘం అధ్యక్ష కార్యదర్శుల సంతకాలతో పాటు పై అంతస్తులోని 8 ఫ్లాట్ల యజమానుల సంతకాలూ విడివిడిగా, ఫ్లాటు నంబరు, అప్పగింత తేదీలతో పెట్టించాను. కార్యవర్గ తీర్మానం ప్రతిని జతచేశాం.

లేఖ తెలుగులోనే రాశాం. దాన్ని చదివి పని చేయవలసింది సైట్ ఇంజినీరు, ప్లంబింగ్ కాంట్రాక్టరు. వాళ్లిద్దరికీ ఏ అనుమానమూ లేకుండా అర్థం కావాలి. పేర్లు, నంబర్లు తీసేసి ఆ లేఖ ముసాయిదాను ఇక్కడ ఇస్తున్నాను.

మాన్యులైన మేనేజింగ్ డైరెక్టరు గారికి,

విషయం: అయిదో అంతస్తు ఫ్లాట్లలో నీటి ప్రెషర్ లోపం, తనిఖీ జరిపి ఫలితాలను రాతపూర్వకంగా ఇవ్వవలసిందిగా విజ్ఞప్తి.

అయ్యా,

మా భవనంలోని అయిదో అంతస్తు ఫ్లాట్లకు, ప్రత్యేకించి పడమటి వైపున్న 505 నుంచి 508 వరకు గల ఫ్లాట్లకు, ఉదయం 6:30 నుంచి 8:30 వరకు స్నానానికి, వంటకు సరిపడా నీటి ప్రెషర్ రావడం లేదు. ఈ లోపం ఫ్లాట్లు అప్పగించిన నాటి నుంచీ ఉన్నది. 2023లో మేము పంపిన ఈమెయిల్ ప్రతిని, ఆనాడు మీ సిబ్బంది ఇచ్చిన జాబ్ కార్డు ప్రతిని దీనితో జతచేస్తున్నాము. ఆ కార్డులో పని జరిగిన సమయం మధ్యాహ్నం 2:30 అని ఉన్నది. లోపం కనబడే సమయం అది కాదని మనవి చేస్తున్నాము.

గత నెలలో మేము జరిపిన కొలతల వివరాలు, వాటి తేదీ, సమయం, ఆ సమయాన ట్యాంకులో ఉన్న నీటి లోతు జతపరచిన కాగితంలో ఉన్నవి. లోపానికి కారణం ఇదని మేము చెప్పడం లేదు. కారణాన్ని నిర్ధారించి తెలియజేయవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాము.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా, మీ అర్హతగల ఇంజినీరు ఏదైనా పని దినాన ఉదయం 6:30 నుంచి 8:00 గంటల మధ్య మా ప్రతినిధుల సమక్షంలో ఉమ్మడి తనిఖీ జరిపి, ఈ కింది విషయాలను తన పేరు, హోదా, సంతకంతో రాతపూర్వకంగా ఇవ్వాలని కోరుతున్నాము. తనిఖీ జరిగిన తేదీ, సమయం, అప్పటి ట్యాంకు నీటిమట్టం. ఆ నీటిమట్టం నుంచి అయిదో అంతస్తు బకెట్ నల్లాకు, షవర్‌కు గల ఎత్తు తేడా. నీరు కదలనప్పుడు, కదులుతున్నప్పుడు 503, 507 ఫ్లాట్లలో అందుతున్న ప్రెషర్. ట్యాంకు నుంచి ఆ ఫ్లాట్ల వరకు ప్రతి భాగంలో డ్రాయింగ్ ప్రకారం ఉండవలసిన పైపు సైజు, వాస్తవంగా ఉన్న సైజు. దారిలోని ప్రతి వాల్వు పూర్తిగా తెరుచుకుంటున్నదీ లేనిదీ. గాలి పోయే గొట్టాలు ఎక్కడెక్కడ ఉన్నవి. వీటి ఆధారంగా మీరు నిర్ధారించిన కారణం లేదా కారణాలు. ఒక్కొక్క కారణానికి మీరు చేయదలచిన పని, దానికి పట్టే గడువు. ఏదైనా కారణం మీ బాధ్యత కాదని మీరు భావిస్తే, ఏ ఆధారంతో అలా భావిస్తున్నారో కూడా రాయగలరు.

తనిఖీకి ముందే పైపులను గానీ వాల్వులను గానీ మార్చవద్దని కోరుతున్నాము. మార్చవలసి వస్తే ఉన్న స్థితిని మా సమక్షంలో ఫొటోలు తీసి, తీసేసిన భాగాలను సంఘానికి అప్పగించాలి. ఈ విషయంలో జాబ్ కార్డుల మీద ఫ్లాటు యజమానులు విడిగా చేసే సంతకాన్ని సంఘం అంగీకారంగా పరిగణించరాదు.

అదే చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం సంఘానికి అప్పగించవలసిన పత్రాల్లో భాగంగా, వాస్తవంగా వేసిన నీటి లైన్ల డ్రాయింగులను తనిఖీ నాటికి అందజేయగలరు. స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం, 2016లోని 14(3) సెక్షన్ ప్రకారం లోపాన్ని మీ దృష్టికి తెస్తున్న నోటీసుగా కూడా ఈ లేఖను స్వీకరించగలరు.

ఇట్లు,
అధ్యక్షులు, కార్యదర్శి, 501 నుంచి 508 వరకు ఫ్లాట్ల యజమానులు.

లేఖ అంతే. ముసాయిదా చదివి, '17వ సెక్షన్ మాట ముందు వచ్చి చట్టం పేరు తర్వాత వస్తే చదివేవారు తికమకపడరా' అని కార్యదర్శి గారు అడిగారు. ఆయన అన్నది నిజమే కనుక పంపేముందు ఆ రెండు వాక్యాల వరస మార్చాం. అమ్మకపు ఒప్పందంలో ఉన్న చిరునామాకు ఫిబ్రవరి మొదటి వారంలో స్పీడ్ పోస్టులో పంపి, చేరినట్టు రుజువు తీసుకుని, అదే రోజు ఈమెయిల్‌లో కూడా పంపాం.

ఈ లేఖలో అన్నింటికన్నా ఎక్కువ పని చేసిన వాక్యం, డ్రాయింగ్ ప్రకారం ఉండవలసిన సైజు, వాస్తవంగా ఉన్న సైజు రెండూ రాయమన్నది. ప్రెషర్ తక్కువగా ఉందా లేదా అన్నది వాదించుకోదగిన విషయం. ఎవరికి ఎంత చాలుతుందన్నది వాళ్ల వాళ్ల అభిప్రాయం. పైపు మీద అచ్చువేసి ఉన్న సైజుకు అభిప్రాయంతో పని లేదు. ఇంజినీరు ఆ గడి నింపాలంటే టెర్రస్ మీదికి వెళ్లి పైపును చూడక తప్పదు, చూశాక తన సంతకం కింద వేరే అంకె రాయడానికి ఏ ఇంజినీరూ సిద్ధపడడు.

జవాబు పన్నెండో రోజున వచ్చింది. మొదటి జవాబులో తనిఖీ ప్రస్తావనే లేదు. ఒక బృందాన్ని పంపి 'సర్వీసు' చేయిస్తామని ఉంది. సర్వీసు అక్కరలేదని, తనిఖీ, నివేదిక మాత్రమే కావాలని సంఘం రెండు వాక్యాల్లో తిరిగి రాసింది. ఆ తర్వాత సైట్ ఇంజినీరు ఒక గురువారం పొద్దున ఆరున్నరకు వచ్చారు. చిన్నవయసు వాడు, నిజాయితీగా పనిచేశాడని చెప్పాలి. లెవెల్ ట్యూబు తానే పట్టుకుని చూసి, ఏడున్నర దాటే సరికి నీరు ఎక్కడికి దిగిందో డక్ట్ గోడ మీద సుద్దముక్కతో గీత పెట్టాడు. ఆ తర్వాత టెర్రస్ మీదికి వెళ్లాం.

ట్యాంకు నుంచి పడమటి వైపు రెండు డౌన్ లైన్లకు, అంటే 20 ఫ్లాట్లకు నీరు తీసుకెళ్లే హెడర్ డ్రాయింగ్ ప్రకారం రెండున్నర అంగుళాల సీపీవీసీ పైపు. ట్యాంకు దగ్గరా డౌన్ లైన్ల దగ్గరా అదే ఉంది. మధ్యలో ఆరు మీటర్ల మేర మాత్రం ఒకటిన్నర అంగుళాల పైపు ఉంది. అప్పగింతకు కొద్ది నెలల ముందు టెర్రస్ మీద వాటర్‌ప్రూఫింగ్ పనికి అడ్డం వచ్చిందని ఆ ముక్కను తీసి, తర్వాత చేతికి దొరికిన పైపుతో, ఒక సిమెంటు దిమ్మెను చుట్టుకుని పోయేలా ఆరు ఎల్బోలతో కలిపారని పాత ప్లంబింగ్ మేస్త్రి తర్వాత ఒప్పుకున్నాడు. ఆ ముక్క చివర ఉన్న గేట్ వాల్వు చక్రం పూర్తిగా తిరుగుతోంది గానీ, లోపలి తలుపు సగంలోనే ఆగిపోయింది. విప్పి చూసేదాకా అది తెలియలేదు. బయటి నుంచి చూస్తే తెరిచే ఉన్నట్టు ఉంటుంది.

ఒక అంగుళం తేడాకు ఇంత జరుగుతుందా అని కమిటీలో ఒకరు అడిగారు. పైపులో అదే నీరు పోతున్నప్పుడు, రాపిడి వల్ల పోయే ప్రెషర్ వ్యాసం తగ్గే కొద్దీ చాలా వేగంగా పెరుగుతుంది. రెండున్నర నుంచి ఒకటిన్నరకు తగ్గితే మీటరుకు పోయేది దాదాపు 12 రెట్లు. పొద్దున వేళ 20 ఫ్లాట్లు కలిసి సెకనుకు రెండు లీటర్లు వాడుతున్నాయనుకుని లెక్క వేస్తే, ఆ ఆరు మీటర్ల పైపు, ఆరు ఎల్బోలు కలిసి సుమారు 2.3 మీటర్ల ప్రెషర్‌ను తినేస్తున్నాయి. మేం కొలిచిన 3.1 మీటర్లలో మిగతాది సగం తెరుచుకున్న ఆ వాల్వు దగ్గర, డౌన్ లైన్లో పోతున్నదే. వాడకం తగ్గే సరికి ఈ నష్టమూ పడిపోతుంది కనుక మధ్యాహ్నం అంతా బాగున్నట్టు కనబడేది. సెకనుకు రెండు లీటర్లన్నది నా అంచనా, కొలిచింది కాదు. అందుకే నివేదికలో ఈ లెక్క పెట్టవద్దని, ట్యూబు కొలతలు, పైపు సైజులు మాత్రం పెట్టమని ఇంజినీరుకు చెప్పాను.

నివేదిక మార్చి మొదటి వారంలో వచ్చింది. సంతకం, హోదా ఉన్నాయి. కారణంగా ఆ పైపు ముక్కను, వాల్వును చూపించి, మార్చే పని తమ ఖర్చుతో పది రోజుల్లో చేస్తామని రాశారు. ఎత్తు విషయం మాత్రం దాటవేశారు. షవర్‌కు గల ఎత్తు గడిలో '3.1 మీటర్లు' అని రాసి, వ్యాఖ్య గడి ఖాళీగా వదిలారు. అంత చాలు అనిపించింది నాకు. ఆ అంకె వాళ్ల చేతి మీదుగా కాగితం మీదికి వచ్చింది.

పైపు మార్చేటప్పుడు దిమ్మె చుట్టూ తిప్పకుండా నేరుగా రెండున్నర అంగుళాల పైపు వేయించాం. గేట్ వాల్వు బదులు బాల్ వాల్వు పెట్టించాం, దాని పిడి పైపుకు వరుసలో ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు వాచ్‌మన్‌కు కూడా చూడగానే తెలుస్తుంది. డౌన్ లైన్ తలమీద గాలి పోయే గొట్టం లేదు. దాన్ని ట్యాంకు నీటిమట్టం కన్నా ఎత్తుగా లేపి పెట్టించాం. తీసేసిన పైపు ముక్కలు, వాల్వు సంఘం ఆఫీసులో భద్రంగా ఉన్నాయి.

పని అయిన మర్నాడు పొద్దున అదే 7 గంటల 10 నిమిషాలకు మళ్లీ కొలిచాం. 507లో ట్యూబులో నీరు ట్యాంకు మట్టానికి 45 సెంటీమీటర్ల కింద నిలిచింది. పది లీటర్ల బకెట్ 65 సెకన్లలో నిండింది. చేతి షవర్ పనిచేసింది, వాషింగ్ మెషిన్ మామూలు సమయంలో నిండింది. కానీ స్నానాల గదిలో బిల్డరు బిగించిన పైకప్పు షవర్ మాత్రం అప్పటికీ చినుకులే రాల్చింది. ఇది నేను ఊహించినదే. ఆ షవర్‌కు కనీసం ఒక బార్ ప్రెషర్ కావాలని దాని తయారీదారు కాగితంలోనే ఉంది, అంటే పది మీటర్లు. దారిలో ఒక్క సెంటీమీటరు కూడా పోకపోయినా ఆ షవర్‌కు అందేది మూడు మీటర్లే. ట్యాంకు నిండుగా ఉన్నా నాలుగు దాటదు. పైపు లోపం పోయాక మిగిలిన రెండో కారణం ఇదే. మొదటి లేఖలోనే పైపు మార్చండి అని రాసి ఉంటే, ఇక్కడితో మన ఫిర్యాదు తీరినట్టే లెక్క అయ్యేది.

సంఘం రెండో లేఖ రాసింది. ఇది ఒక పేజీయే. మీ నివేదికలో షవర్‌కు గల ఎత్తు 3.1 మీటర్లని రాశారు, ఒప్పందంలోని స్పెసిఫికేషన్ల జాబితా ప్రకారం మీరే బిగించిన షవర్‌కు పది మీటర్లు కావాలని తయారీదారు చెబుతున్నారు, ఈ రెండింటి మధ్య తేడాకు మీరు చేయదలచిన ఏర్పాటు ఏమిటో రాతపూర్వకంగా తెలియజేయండి అని అడిగాం. జవాబులో బిల్డరు తన బాధ్యతను ఒప్పుకోలేదు. ఒప్పందంలో షవర్ కంపెనీ పేరుందే గానీ ప్రెషర్ ఎంతన్నది లేదని వాదించారు. ఆ వాదనలో కొంత బలం ఉందనే నా అభిప్రాయం, దాన్ని కమిటీకి దాచకుండా చెప్పాను. పనిచేయని చోట ఆ షవర్ పెట్టడమే సేవల ఏర్పాటులో లోపమని రెరా అథారిటీ ముందు వాదించవచ్చు, సంఘం తరఫున 31వ సెక్షన్ కింద ఫిర్యాదు చేసే వీలూ ఉంది, కానీ దానికి పట్టే కాలాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

చివరకు ఏప్రిల్‌లో రాజీ కుదిరింది. అయిదో అంతస్తు స్నానాల గదులకు ట్యాంకు నుంచి నేరుగా విడి లైను, దాని మీద ఒక ప్రెషర్ పంపు, కరెంటు లేనప్పుడు నీరు తనంతట తాను దిగేలా వెనక్కి పోనివ్వని వాల్వుతో బైపాస్, వీటన్నింటి ఖర్చు బిల్డరుది. పంపు కరెంటు, నిర్వహణ సంఘానివి. పంపును పాత హెడర్‌కు కలపడానికి కాంట్రాక్టరు ప్రయత్నించాడు. అలా చేస్తే కింది అంతస్తుల నీటిని లాగుతుందని ఆపించి, ట్యాంకుకు వేరే రంధ్రం వేయించాం. రాజీ పత్రంలో పైపు, వాల్వు పనులకు 14(3) కింద ఉన్న హక్కులు అలాగే ఉంటాయని ఒక వాక్యం చేర్పించాను.

మే రెండో వారంలో 507కు మళ్లీ వెళ్లాను. పెద్దావిడ నాలుగింటికి లేవడం మానలేదట, అలవాటు పోలేదన్నారు. స్నానాల గదిలో వరసగా పెట్టుకునే నాలుగు బకెట్లలో మూడు మాత్రం బాల్కనీలో తిరగేసి ఉన్నాయి.